కాఫీలో యాలకులు, దాల్చినచెక్క, శొంఠి: డికాక్షన్ మడ్డి కాకుండా వేసే పద్ధతి

ఫిల్టర్ కాఫీ గురించి రాసిన ప్రతిసారీ పాఠకులు అడిగే ప్రశ్నలు మూడున్నాయి. యాలకుల పొడి వేస్తే గ్లాసు అడుగున నల్లని పలుకులు మిగులుతున్నాయని కొందరు, దాల్చినచెక్క పొడి వేస్తే డికాక్షన్ కిందికి దిగడమే లేదని కొందరు, శొంఠి పొడి వేస్తే కాఫీ చిక్కబడి నాలుకకు జిగటగా తగులుతోందని మరికొందరు రాస్తుంటారు. ఇవి మూడు వేరు వేరు ఇబ్బందుల్లా కనిపించినా మూలం ఒక్కటే: దినుసును పొడిగా వేయడం. ఆ పొడి మానేసి, ఏ దినుసును ఏ దశలో వేయాలో తెలుసుకుంటే మీ ఇంట్లో ఉన్న స్టీలు ఫిల్టరుతోనే తేటైన, ఘుమఘుమలాడే డికాక్షన్ వస్తుంది.

క్లుప్తంగా చెప్పాలంటే శొంఠి, దాల్చినచెక్క నీళ్లలో మరగాలి. యాలకులు మాత్రం మరగకూడదు, కాఫీ పొడి మధ్యలో ఉండాలి. ఈ తేడా ఎందుకో ఆయా చోట్ల వివరిస్తాను.

కావలసినవి (నాలుగు గ్లాసులకు)

- ఫిల్టరుకు తగినట్టు మర పట్టిన కాఫీ పొడి 25 గ్రాములు. చికోరీ కలిసిన పొడి అయినా ఫరవాలేదు కానీ, చికోరీ ఎక్కువైన కొద్దీ దినుసు వాసన అణగిపోతుంది. నూటికి ఇరవై పాళ్లకు మించని పొడి ఈ పనికి మంచిది.
- నీళ్లు 220 మిల్లీలీటర్లు. మరిగేటప్పుడు కొంత తగ్గుతుంది కాబట్టి ఈ లెక్క.
- చిక్కని పాలు 360 మిల్లీలీటర్లు.
- శొంఠి 3 గ్రాములు, అంటే బొటనవేలి కణుపంత ముక్క. లేదా అంగుళం పొడవున్న దాల్చినచెక్క. లేదా రెండు యాలకులు. మొదటిసారి ఒక్క దినుసుతోనే చేయండి.
- చిన్న రోలు, మూత ఉన్న చిన్న గిన్నె, సన్నని టీ వడపోత, ఒక శుభ్రమైన పలుచని నూలు గుడ్డ.
- నీళ్లు కొలవడానికి గీతలున్న గ్లాసు.

ముందుగా ఒకసారి ఏ దినుసూ వేయకుండా ఇదే కొలతతో డికాక్షన్ తీసి, అది పూర్తిగా దిగడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి. తరువాత ఎక్కడైనా తేడా వస్తే పట్టిచ్చేది ఈ లెక్కే.

శొంఠి కాఫీ: మొదటి నుంచి చివరి దాకా

మూడింటిలోనూ మడ్డిపడే అవకాశం శొంఠితోనే ఎక్కువ కాబట్టి దీన్నే పూర్తిగా చెబుతాను. ఇది కుదిరితే మిగిలిన రెండూ తేలిక. శొంఠిలో పిండిపదార్థం చాలా ఉంటుంది. చన్నీళ్లలో ఆ పిండి కరగదు, ఉబ్బదు, ఊరకే విడిపోయి అడుగుకు చేరుతుంది. వేడినీళ్లు తగిలితే మాత్రం ఉబ్బి గంజిలా చిక్కబడుతుంది, ఆ తరువాత ఎంత వడకట్టినా పోదు. కాబట్టి వేడి తగలక ముందే పిండిని వదిలించుకోవాలి. ఈ పద్ధతి మొత్తం ఆ ఒక్క విషయం మీదే నడుస్తుంది.

1. శొంఠి కొమ్మును ముందుగా చూడండి. పైన తెల్లగా, బూడిద పూసినట్టు ఉంటే అది సున్నపు నీటిలో ముంచి ఆరబెట్టిన రకం. అటువంటిదాన్ని నీళ్లలో బాగా రుద్ది కడిగి, తుడిచి, ఎండలో ఆరనివ్వాలి. ఆ సున్నం కాఫీలో చేరితే రుచి చప్పబడుతుంది. పైన గోధుమరంగు తోలు అక్కడక్కడా ఉన్న కొమ్ములు దొరికితే అవే తీసుకోండి.

2. కొమ్మును రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచండి. ముక్కలు పెసరగింజంత పరిమాణంలో ఉంటే చాలు. మిక్సీలో వేయకండి; ఎంత జాగ్రత్తగా తిప్పినా సగం పొడి అయిపోతుంది.

3. దంచిన ముక్కలను టీ వడపోతలో పోసి చన్నీళ్ల ధార కింద పట్టండి. మొదట కిందికి జారే నీళ్లు పాలలా తెల్లగా ఉంటాయి. అదే మీ కాఫీని మడ్డి చేసే పిండి. వేళ్లతో కదుపుతూ నీళ్లు తేటపడే వరకు, అంటే అర నిమిషంపాటు, కడగండి. ఘాటు పోతుందేమోనని సందేహించనక్కరలేదు. శొంఠికి కారం ఇచ్చే పదార్థాలు చన్నీళ్లలో అంత తేలికగా కరిగేవి కావు.

4. కడిగిన ముక్కలను 220 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి, మూతపెట్టి, పొంగు వచ్చాక మంట బాగా తగ్గించి ఐదు నిమిషాలు మరిగించండి. నీళ్లు తెర్లకూడదు, అంచుల్లో చిన్న బుడగలు వస్తుంటే చాలు. పెద్ద మంట మీద ముక్కలు ఒకదానికొకటి రాసుకుని మళ్లీ పిండి వదులుతాయి.

5. మంట ఆపి, గిన్నెను కదపకుండా రెండు నిమిషాలు ఉంచండి. తరువాత నూలు గుడ్డ వేసిన వడపోతలోకి నెమ్మదిగా వంచి, అడుగున ఉన్న చివరి రెండు చెంచాల నీటిని గిన్నెలోనే వదిలేయండి. గుడ్డను పిండవద్దు. పిండితే అప్పటిదాకా ఆపిన మడ్డి అంతా ఒక్కసారిగా దిగిపోతుంది.

6. వడకట్టిన నీటిని కొలవండి. మీకు 175 మిల్లీలీటర్లు కావాలి. తగ్గితే వేడినీళ్లు కలిపి ఆ కొలతకు తేవాలి. ఎక్కువైతే మిగిలింది పక్కన పెట్టండి, ఫిల్టరులో పోయవద్దు.

7. ఫిల్టరు పైగిన్నెలో కాఫీ పొడి వేసి, పైన సమంగా సర్ది, చిల్లుల పళ్లెంతో తేలికగా ఒత్తండి. శొంఠి నీటిని మళ్లీ ఒక్క పొంగు రానిచ్చి, మొదట రెండు చెంచాలు పోసి పొడిని తడవనివ్వండి. అర నిమిషం ఆగి మిగిలింది పోసి మూతపెట్టండి.

8. డికాక్షన్ పూర్తిగా దిగేదాకా కదపకండి. 25 గ్రాముల కాఫీ పొడి దాదాపు 50 మిల్లీలీటర్ల నీటిని తనలోనే పట్టి ఉంచుకుంటుంది కాబట్టి కింద మీకు 120 మిల్లీలీటర్లకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. ఒక్కో గ్లాసుకు 30 మిల్లీలీటర్ల డికాక్షన్, 90 మిల్లీలీటర్ల పాలు.

9. పాలను విడిగా కాచి, డికాక్షన్‌లో కలపండి. పంచదార అయితే మామూలుగానే వేసుకోవచ్చు.

శొంఠి కాఫీకి బెల్లమే రుచి అనేవారు చాలామంది, నేనూ వారిలో ఒకణ్ణి. అయితే బెల్లంలో సన్నని ఇసుక, చెరకు పీచు ఉండటం మామూలే, అవి కూడా మడ్డి కిందే లెక్క. బెల్లాన్ని రెండు చెంచాల వేడినీటిలో కరిగించి, అదే నూలు గుడ్డలో వడకట్టి, పాలు కలిపిన తరువాత, మంట మీద లేనప్పుడు, చివరగా కలపండి. పొయ్యి మీద మరుగుతున్న పాలలో బెల్లం వేస్తే విరిగే ప్రమాదం ఉంది. తాటిబెల్లానికి ఈ వడకట్టడం మరింత అవసరం.

శొంఠి లేదని పచ్చి అల్లం వేస్తానంటారా, వేయవచ్చు. కానీ పచ్చి అల్లంలో పాలను విరగగొట్టే గుణం ఉన్న ఎంజైము ఒకటి ఉంటుంది, అది బాగా మరిగితేనే చచ్చిపోతుంది. అందుచేత అల్లం ముక్కలను నీళ్లలోనే పూర్తిగా మరిగించాలి తప్ప గోరువెచ్చని పాలలో ఎన్నడూ వేయకూడదు. రుచి కూడా వేరు: అల్లం నాలుక మీద పచ్చిగా, నిమ్మవాసనతో తగులుతుంది, శొంఠి గొంతులో వెచ్చగా నిలుస్తుంది. కాఫీ చేదుకు శొంఠే బాగా కుదురుతుందని నా అభిప్రాయం.

దాల్చినచెక్క వేసేటప్పుడు మారేవి

దాల్చినచెక్క పొడి తడిస్తే జిగురు వదులుతుంది. అర టీస్పూన్ పొడిని గ్లాసు వేడినీటిలో వేసి పది నిమిషాల తరువాత చెంచాతో తీసి చూడండి. అడుగున జారుడుగా, తీగ సాగే ముద్ద తగులుతుంది. ఆ ముద్దే ఫిల్టరు చిల్లుల మీద పొరలా పరుచుకుని డికాక్షన్‌ను ఆపేస్తుంది. కొన్న పొడి అయినా ఇంట్లో కొట్టిన పొడి అయినా ఫలితం ఇదే.

కాబట్టి చెక్కనే వాడాలి, దాన్ని దంచకూడదు. అంగుళం ముక్కను నిలువుగా రెండు మూడు పేళ్లుగా విరిచి, విరిచినప్పుడు రాలిన పొట్టును ఊదేసి, ఒకసారి చన్నీళ్లలో ముంచి తీయండి. తరువాత పై నాలుగో దశ నుంచి అంతా అలాగే చేయాలి, ఒక్క తేడాతో: మరిగే సమయం ఎనిమిది నిమిషాలు. చెక్కలోని వాసన నూనె నీటిలో త్వరగా దిగదు, అందుకే ఈ అదనపు సమయం. పావుగంట దాటితే మాత్రం వగరు దిగుతుంది, దానికి కాఫీ చేదు తోడైతే గొంతు ఎండినట్టు అనిపిస్తుంది. వాసన ఇంకా కావాలనుకుంటే సమయం పెంచకండి, చెక్క పెంచండి.

మీ దగ్గరున్న చెక్క ఏ రకమో చూసుకోవడం కూడా అవసరం. మన కిరాణా కొట్లలో ఎక్కువగా దొరికేది మందంగా, గట్టిగా, ఒకే పొరగా ముడుచుకున్న ఎర్రని చెక్క, దాన్ని కాసియా అంటారు. శ్రీలంక నుంచి వచ్చే అసలు దాల్చిన లేత గోధుమరంగులో, కాగితమంత పలుచని పొరలు అనేకం చుట్టుకుని, వేళ్ల మధ్య నలిగేంత పెళుసుగా ఉంటుంది. కాసియా ఘాటు, జిగురు రెండూ ఎక్కువ. అంగుళానికి బదులు ముప్పావు అంగుళం చాలు. కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది, అది రోజూ పెద్ద మోతాదులో శరీరంలోకి వెళితే కాలేయానికి మంచిది కాదు. అప్పుడప్పుడు తాగే కాఫీకి ఇబ్బంది లేదు కానీ, దాల్చిన కాఫీ రోజూ తాగే అలవాటున్నవారు, కాలేయ సమస్య ఉన్నవారు శ్రీలంక చెక్కనే ఎంచుకోవడం మేలు.

యాలకులు వేసేటప్పుడు మారేవి

యాలకుల సువాసన అంతా లోపలి నల్లని గింజల్లో ఉంటుంది, అది ఆవిరితో పాటు ఎగిరిపోయే రకం. మూత లేకుండా ఐదు నిమిషాలు మరిగిస్తే వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది, కాఫీలో మాత్రం కర్పూరపు ఘాటుతో కూడిన చేదే మిగులుతుంది. కాబట్టి యాలకులను మరిగించే ప్రసక్తి లేదు. శొంఠికీ దాల్చినకూ చెప్పిన ఒకటో దశ నుంచి ఆరో దశ వరకు ఇక్కడ వదిలేయండి, 175 మిల్లీలీటర్ల మామూలు నీళ్లు కాచండి చాలు.

రెండు యాలకులు ఒలిచి, పొట్టు పక్కన పెట్టి, గింజలను అప్పటికప్పుడు రోట్లో ఒకటి రెండు దెబ్బలు వేయండి. గింజ రెండు మూడు ముక్కలైతే సరిపోతుంది. ఫిల్టరులో సగం కాఫీ పొడి వేసి, దానిమీద ఈ గింజలు చల్లి, మిగతా సగం పొడితో కప్పి, పళ్లెంతో ఒత్తి నీళ్లు పోయండి. పైనుంచి దిగే నీరు గింజల వాసన పట్టుకుని కింది సగం పొడి గుండా వస్తుంది, ఆ కింది పొర పలుకులను ఆపేస్తుంది. అందుకే గింజలను పొడి అడుగున, చిల్లులకు ఆనుకుని వేయకూడదు. పైన తేలేలా వేసినా నీళ్ల మీద ఊగుతుంటాయి తప్ప వాసన పూర్తిగా దిగదు.

యాలకులు పాలలో వేయవచ్చా అని చాలామంది అడుగుతారు. పాలలోని వెన్న ఆ సువాసనను బాగా పట్టుకుంటుంది, అందులో సందేహం లేదు. అయితే అలా చేసిన కాఫీ పాయసం వాసన కొడుతుంది, కాఫీ వెనక్కు పోతుంది. నా మటుకు డికాక్షన్‌లోనే ఇష్టం. పాలలోనే కావాలనుకునేవారు, పాలు పొంగి మంట ఆపిన తరువాత చితక్కొట్టిన ఒక్క యాలక్కాయను పొట్టుతో సహా వేసి, మూడు నిమిషాలు మూతపెట్టి, వడకట్టుకోండి.

గల్ఫ్ దేశాల్లో ఉంటున్న మనవాళ్లు అక్కడి అరబ్బీ కాఫీ అయిన గహ్వాలో యాలకులు పొడిగానే వేసి మరిగిస్తారు కదా, మనం ఎందుకు చేయకూడదని రాస్తుంటారు. గహ్వాకు గింజలు చాలా లేతగా వేయిస్తారు, పాలు పోయరు, పొడి అడుగుకు దిగేదాకా ఆగి పైతేటను చిన్న గిన్నెల్లోకి వంచుతారు, యాలకుల మోతాదు కూడా మనకంటే ఎంతో ఎక్కువ. ముదురుగా వేయించిన పొడికి, చికోరీకి, పాలకు అలవాటుపడిన మన కాఫీకి ఆ పద్ధతి అతకదు.

రెండు దినుసులు కలపాలంటే

శొంఠి, యాలకులు బాగా కలుస్తాయి. శొంఠి నీళ్లు సగం దినుసుతో కాచి, ఒక్క యాలక్కాయ గింజలు పొడి మధ్యలో వేయండి. శొంఠి, దాల్చినచెక్క కలిపితే ముందుగా చెక్కను నీళ్లలో వేసి, మూడు నిమిషాల తరువాత శొంఠి వేయాలి, రెండూ ఒకేసారి సిద్ధమవుతాయి. మూడూ కలిపితే మసాలా టీ వాసన వస్తుంది, అందులో కాఫీని వెతుక్కోవలసి వస్తుంది. ఆ కలయికను నేను సిఫారసు చేయను.

ఫిల్టరు లేనివారికి

ఇన్‌స్టంట్ కాఫీ తాగేవారికి పని సులువు: వడకట్టిన శొంఠి నీటిలోనో దాల్చిన నీటిలోనో పొడి కలిపేయడమే. ఫ్రెంచ్ ప్రెస్ వాడేవారు చెక్కను విరవకుండా కాఫీతో పాటు వేసుకోవచ్చు కానీ నాలుగైదు నిమిషాల్లో దిగే వాసన కొద్దిపాటిదే, కాబట్టి నీళ్లలో మరిగించడమే మెరుగు. మోకా పాత్ర వాడేవారికి మాత్రం ఒక హెచ్చరిక: కాఫీ పొడి వేసే బుట్టలో ఏ దినుసూ వేయకండి, కింది పాత్రలో దినుసు కాచిన నీళ్లు పోయకండి. ఆ పాత్ర ఆవిరి ఒత్తిడితో పనిచేస్తుంది, జిగురు చేరి దారి మూసుకుంటే ప్రమాదం. మామూలుగా డికాక్షన్ తీసి, అందులో చితక్కొట్టిన యాలకుల గింజలు రెండు నిమిషాలు నాననిచ్చి వడకట్టుకోండి.

తరచు జరిగే పొరపాట్లు

అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది, కాఫీ గింజలతో పాటు యాలకులు కూడా మర పట్టించి నెలకు సరిపడా డబ్బాలో పోసుకోవడం. పొట్టుతో సహా నలిగిన యాలకుల సువాసన కొద్ది రోజుల్లోనే పలచబడి, పొట్టు నుసి మాత్రం ప్రతి గ్లాసులోనూ దిగుతుంది. గింజలు ఏ రోజుకారోజు దంచుకోవడానికి పట్టేది అర నిమిషమే.

డికాక్షన్ దిగడం లేదని ఫిల్టరును బల్ల మీద తట్టడం, పళ్లెంతో గట్టిగా నొక్కడం రెండో పొరపాటు. అలా చేస్తే సన్నని నుసి చిల్లుల్లోంచి కిందికి తోసుకు వస్తుంది. ఆగిపోయిందనిపిస్తే మూత తీసి, పళ్లెం అంచును చెంచా కాడతో కొద్దిగా పైకి ఎత్తి వదలండి. గాలి చిక్కుకుని ఆగి ఉంటే అంతటితో కదులుతుంది. అప్పటికీ కదలకపోతే చిల్లులకు జిగురు పట్టిందన్నమాట. ఆ పొడిని పారేసి, ఫిల్టరు కడిగి, కొత్తగా మొదలుపెట్టడం తప్ప మార్గం లేదు.

ఇప్పటికే పొడి వేసి డికాక్షన్ తీసేశారనుకోండి, దాన్ని కొంతవరకు కాపాడవచ్చు. పొడవాటి గ్లాసులో పోసి, మూతపెట్టి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచితే పలుకులు అడుగుకు దిగుతాయి; పైన ఉన్న మూడు వంతుల తేటను వంచుకుని మిగిలింది వదిలేయండి. యాలకుల పొడికి ఇది బాగా పనిచేస్తుంది. శొంఠి పిండి ఉడికి చిక్కబడి ఉంటే ఎంతసేపు ఉంచినా తేరుకోదు.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

పాలు కలిపాక మడ్డి కంటికి కనబడదు, కాబట్టి పరీక్ష డికాక్షన్ దశలోనే చేయాలి. మొదటిది సమయం: మీరు ముందుగా గుర్తుపెట్టుకున్న మామూలు డికాక్షన్ సమయానికి ఒకటిన్నర రెట్లు దాటితే దినుసు నుంచి పిండో జిగురో దిగుతున్నట్టు లెక్క, వచ్చేసారి ఎక్కువగా కడగాలి లేదా ముక్కలు పెద్దవిగా ఉంచాలి.

రెండోది, ఒక చెంచా డికాక్షన్‌ను తెల్లని పింగాణీ సాసరులో పోసి వాల్చండి. తేటైన డికాక్షన్ అంచు దగ్గర ఎర్రగా, పారదర్శకంగా జారుతుంది, వెనక మరక తప్ప ఏమీ మిగలదు. అంచు మసకగా ఉండి, జారిన చోట బూడిదరంగు పొర కనిపిస్తే శొంఠి పిండి దిగింది. చుక్కలు చుక్కలుగా పలుకులు మిగిలితే యాలకులు మరీ మెత్తగా నలిగాయి. అదే చుక్కను వేళ్ల మధ్య రుద్దితే దాల్చిన జిగురు ఉందో లేదో వెంటనే తెలిసిపోతుంది.

మూడోది రుచి. గుటక వేసినప్పుడు మొదట కాఫీ తెలియాలి, దినుసు తరువాత రావాలి. శొంఠి అయితే మింగిన రెండు మూడు క్షణాలకు గొంతులో వెచ్చదనం తగలాలి. పెదవికి తగలగానే ఘాటు తెలిస్తే శొంఠి ఎక్కువైంది, వచ్చేసారి 2 గ్రాములకు తగ్గించండి. దినుసు అసలే తెలియకపోతే దాని మోతాదు మాత్రమే మార్చండి, కాఫీ పొడినీ నీటినీ కదపకండి. రెండూ ఒకేసారి మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో తేలదు.

పని అయిపోయాక ఫిల్టరును ఆరనివ్వకుండా వెంటనే కడగండి. చిల్లుల రేకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూసి, మూసుకున్న చిల్లులుంటే వేడినీటిలో పది నిమిషాలు నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో కింది వైపు నుంచి రుద్దాలి. యాలకుల వాసన స్టీలుకు పట్టుకుంటే, తాగేసిన కాఫీ పిప్పితోనే లోపలంతా తోమి వేడినీళ్లతో కడిగితే పోతుంది. మరునాటి మామూలు కాఫీలో యాలకుల వాసన ఇంకా తగులుతుంటే, మూతనూ పళ్లెం కాడ మొదలునూ చూడండి, వాసన మిగిలేది ఎక్కువగా అక్కడే.